ఆల్బంలో అమ్మ ప్రతి పేజీలోనూ అమ్మలాగే ఉండాలంటే

*నాన్నగారి షష్టిపూర్తికి ఆల్బం చేయిస్తున్నాను. 1989 నాటి పెళ్ళి ఫొటో నుంచి నిన్నమొన్నటి ఫోను ఫొటోల దాకా పోగుచేశాను. విడివిడిగా చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. పక్కపక్కన పెడితే మాత్రం అమ్మ ఒకచోట ఎర్రగా, ఒకచోట పచ్చగా, 2022లో తమ్ముడి పెళ్ళి ఫొటోల్లో ముడతే లేకుండా తెల్లగా ఉంది. ఆ పెళ్ళి ఫొటోలకు తగ్గట్టు మిగతావి కూడా తెల్లగా, నున్నగా చేయడం మొదలుపెట్టాను. రెండు ఫొటోలు చేసేసరికే ఆ ముఖం అమ్మది కాకుండా పోయింది. అన్నింట్లోనూ ఒకే మనిషిలా కనిపించాలంటే ఏం చేయాలి? కంప్యూటర్‌లో ఫొటోలు దిద్దే గింప్ ఉంది, కొంత వాడటం వచ్చు. నాలుగు ఫొటోలు జతచేస్తున్నాను.*
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

మీరు పట్టిన దారిని పూర్తిగా వెనక్కి తిప్పాలి. పెళ్ళి ఫొటోల వైపు మిగతావాటిని లాగకండి, మిగతావాటి వైపు పెళ్ళి ఫొటోలను లాగండి. దీనికి కారణం నా ఇష్టాయిష్టాలు కాదు. నున్నగా చేసిన చర్మంలో గీతలు, రంధ్రాలు, చిన్న మచ్చలు చెరిగిపోయాయి, వాటిని మళ్ళీ పుట్టించే మీట ఏదీ లేదు. ముట్టుకోని ఫొటోలో అవన్నీ ఉన్నాయి. కాబట్టి ఆల్బం మొత్తానికి కొలబద్ద ఎప్పుడూ అతి తక్కువ చేయిపడిన ఫొటోయే కావాలి. ఎక్కువ చేయిపడినదాన్ని ఎంతవరకు దీని దగ్గరికి తేగలమో చూడాలి.

రెండో సంగతి, మీరు వెలుగునూ రంగునూ ఒకటిగా పట్టుకున్నారు. ఎండలో నిలబడ్డ మనిషి ముఖం, వసారాలో కూర్చున్న మనిషి ముఖం ఒకే వెలుగులో ఉండవు, ఉండకూడదు కూడా. ముఖం ఎంత తెల్లగా ఉందన్నది ఆ రోజు వెలుతురును బట్టి మారుతుంది. మారకూడనిది రంగు ఏ వైపు మొగ్గుతోందన్నది, అంటే ఎరుపుకా, పసుపుకా, ఆకుపచ్చకా అన్నది. మన కన్ను మనిషిని గుర్తుపట్టేటప్పుడు వెలుగులోని తేడాను సులభంగా క్షమిస్తుంది, మొగ్గులోని తేడాను క్షమించదు. మీ ఫొటోలు చూసి మీకు కలిగిన ఇబ్బందిలో ముప్పాతిక వంతు ఈ మొగ్గు వల్ల వచ్చిందే.

దీన్ని కంటితో కాక అంకెలతో పట్టుకోవాలి. గంటసేపు ఒకే ఎర్రటి ఫొటోను చూస్తూ కూర్చుంటే కన్ను దానికి అలవాటుపడి, సరిగ్గా ఉన్న ఫొటోనే ఆకుపచ్చగా చూపిస్తుంది. గింప్‌లో Color Picker పనిముట్టు తీసుకుని, దాని ఎంపికల్లో Sample average, Use info window రెండూ పెట్టండి. ఒక్క చుక్క రంగు చదివితే రంధ్రమో మెరుపో దొరికి అంకె అటూఇటూ దూకుతుంది, చుట్టుపక్కల చుక్కల సగటు తీసుకుంటే నిలకడగా ఉంటుంది. వ్యాసార్ధం ఐదు ఉంటే చాలు, ముఖం పెద్దగా ఉంటే పెంచండి. పక్కన తెరుచుకునే చిన్న కిటికీలో అంకెలు ఏ పద్ధతిలో చూపించాలో ఎంచుకోవచ్చు. అక్కడ LCh ఎంచుకోండి. L అంటే వెలుగు, సున్నా నలుపు, నూరు తెలుపు. C అంటే రంగు ఎంత గాఢంగా ఉందన్నది. h అంటే నేను చెప్పిన మొగ్గు, డిగ్రీల్లో ఉంటుంది. చర్మం విషయంలో h తగ్గితే ఎరుపు, గులాబీల వైపు పోతున్నట్టు, పెరిగితే పసుపు మీదుగా ఆకుపచ్చ వైపు పోతున్నట్టు. మామూలు పగటి వెలుతురులో సరిగ్గా తీసిన ఫొటోలో మనవాళ్ళ చర్మం సుమారుగా యాభైకీ అరవై ఐదుకూ మధ్య పడుతుంది. ఒక్కొక్కరికి ఒక్కో చోట. మీ అమ్మగారిది ఎక్కడన్నది ఫొటోలే చెబుతాయి.

ముఖంలో ఎక్కడ చదవాలన్నది ముఖ్యం. నుదురు, ముక్కు మెరుస్తాయి, ఆ మెరుపు చర్మానిది కాదు, దీపానిది. బుగ్గ మధ్యలో సహజంగానే కొంత ఎరుపు ఉంటుంది. గడ్డం కింద పట్టుచీర రంగు పడుతుంది. ఎర్రంచు చీర కట్టిన ఏ ఫొటోలోనైనా మెడ మీద ఆ ఎరుపు చూడవచ్చు. మనవాళ్ళకు ఇంకో చిక్కు కూడా ఉంది, ముఖానికి రాసుకున్న పసుపు. పండుగనాటి ఫొటోలో బుగ్గ మీద చదివిన h పసుపుకొమ్ముది కావచ్చు, మనిషిది కాకపోవచ్చు. అందుకని వెలుతురు పడుతున్న వైపు, బుగ్గ ఎముకకు కింద, చెవి వైపుగా ఉన్న చోటు ఎంచుకోండి, అన్ని ఫొటోల్లోనూ అక్కడే చదవండి. దానితోపాటు ముంజేతి మీదో చేతి వేళ్ళ వెనుకో ఇంకో చోటు చదివి రాసుకోండి. ఈ రెండో అంకె ఎందుకో స్టూడియో ఫొటో దగ్గర తెలుస్తుంది.

మీరు పంపినవాటిలో కొలబద్ద కాదగినది 2015 గోదావరి పుష్కరాల నాటి ఫొటో. జూలై మబ్బు వెలుతురు, నీడలు మెత్తగా ఉన్నాయి, ముఖాన పౌడరు లేదు, ఎవరూ మెరుగులు దిద్దలేదు. నాన్నగారు పక్కనే ఉన్నారు, అది ఇంకా మంచిది. బుగ్గ కింద చదివితే అమ్మగారిది L 55, C 24, h 56. ముంజేతి మీద కూడా h 57 వచ్చింది, అంటే ముఖానికీ చేతికీ పొత్తు కుదిరింది. నాన్నగారి L 47, అంటే ఇద్దరి మధ్య వెలుగులో తేడా ఎనిమిది. ఈ ఎనిమిదిని గుర్తుపెట్టుకోండి. వెలుతురు మారితే ఇద్దరి L కలిసి పెరుగుతుంది, కలిసి తగ్గుతుంది. పక్కపక్కన నిలబడ్డవారి మధ్య తేడా మాత్రం పెద్దగా కదలదు. ఒకరు ఫ్లాష్‌కు బాగా దగ్గరగా, ఒకరు దూరంగా ఉంటే తప్ప, ఈ తేడా హఠాత్తుగా పెరిగిందంటే ఎవరో ఒకరి ముఖం మీద చేయిపడిందని అర్థం.

ఇక ఫొటోలు ఒక్కొక్కటే. సులభమైనది 2004లో ఇంట్లో ట్యూబులైటు కింద తీసినది. అమ్మగారు L 60, C 21, h 79. వెలుగు, గాఢత బాగానే ఉన్నాయి, మొగ్గు ఒక్కటే ఇరవై మూడు డిగ్రీలు ఆకుపచ్చ వైపు జరిగింది. నాన్నగారి L 52, తేడా మళ్ళీ ఎనిమిదే, కాబట్టి ముఖాలను ఎవరూ ముట్టుకోలేదు, తప్పంతా దీపానిది. ఇలాంటప్పుడు ముఖం ఒక్కదాన్నీ ఎంచి దిద్దకూడదు. గోడ, చీర, గ్లాసు అన్నీ ఆకుపచ్చగానే ఉండి ముఖం మాత్రం బాగుపడితే, దాన్ని ఎక్కడినుంచో కత్తిరించి అతికించినట్టు ఉంటుంది. ముందు ఫొటో మొత్తాన్ని సరిచేయాలి. Colors కింద Levels తెరిచి, బూడిదరంగు బిందువును ఎంచే కలం తీసుకుని, నిజంగా ఏ రంగూ లేని వస్తువు మీద నొక్కాలి. తెల్లపంచె కనిపించగానే అందరూ దాని మీదే నొక్కుతారు. కానీ నీలిమందు పెట్టి ఉతికిన పంచె తెలుపు కాదు, లేత నీలం. దాన్ని తెలుపు చేస్తే ముఖాలన్నీ పసుపెక్కుతాయి. మీ ఫొటోలో వెనుక గోడకున్న క్యాలెండర్ కాగితం అంచు మీద నొక్కాను. h 79 నుంచి 63కు దిగింది. మిగిలిన ఏడు డిగ్రీల్లో ఐదు మాత్రం మార్పు అక్కడికే పరిమితమయ్యేలా ముఖం, మెడ, చేతుల మీద మాస్కు వేసి తగ్గించవచ్చు. Colors కిందే ఉన్న Hue-Chroma లో Hue మీటను ఐదు వెనక్కి జరిపితే సరి. చివరి రెండు డిగ్రీలు అలాగే వదిలేయండి. అది ట్యూబులైటు కింద గడిపిన సాయంత్రం, కాస్త ఆ జాడ ఉండాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ట్యూబులైటు గదిలో ఫ్లాష్ కూడా వెలిగి ఉంటే ముఖం మీద ఫ్లాష్ తెలుపు, వెనుక గోడ మీద ట్యూబు ఆకుపచ్చ ఉంటాయి. గోడను చూసి సరిచేస్తే ముఖం గులాబీ రంగుకు తిరుగుతుంది. కాబట్టి ముందు ముఖం h చదవండి. అది సరిగ్గానే ఉంటే గోడ జోలికి పోకండి, పోతే మాస్కుతో గోడను మాత్రమే దిద్దండి.

1989 పెళ్ళి ప్రింటు సంగతి వేరు. అక్కడ తప్పు దీపానిది కాదు, కాగితంలోని రంగులది. ఆ కాలపు రంగుల ప్రింట్లలో సయాన్, మెజెంటా, పసుపు అని మూడు రంగు పొరలు ఉండేవి, అవి ఒకే వేగంతో వెలిసిపోవు. పెట్టెలో, చీకట్లో ఏళ్ళ తరబడి ఉన్న ప్రింట్లలో సాధారణంగా సయాన్ ముందుగా సన్నగిల్లుతుంది. ఎరుపును అడ్డుకునేది సయానే కాబట్టి అది పోగానే ఎరుపు పైకి తేలుతుంది. మీ ఫొటోలో అమ్మగారి బుగ్గ L 62, C 34, h 30 చదువుతోంది. నవవధువు సిగ్గుతో ఎర్రబడలేదు, సయాన్ వెలిసిపోయింది.

ముందు దాన్ని మళ్ళీ స్కాన్ చేయించండి. మీరు పంపినది ఫోనుతో తీసిన ఫొటోకు ఫొటో, దానిలో గది దీపం రంగు కూడా కలిసింది. ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద, 600 డీపీఐలో, రంగుకు 16 బిట్లు పెట్టి, టిఫ్ ఫైలుగా తీయమనండి. స్కానరులో రంగులను తనంతట తానే సరిచేసే ఏర్పాటు ఉంటే ఆపేయమనండి, అది ఒక్కో ప్రింటును ఒక్కో రకంగా దిద్ది మీ పని రెట్టింపు చేస్తుంది. ప్రింటు చుట్టూ ఉన్న తెల్ల అంచును కత్తిరించకుండా మొత్తం స్కాన్ చేయించండి. ఆ అంచు మనకు కావాలి.

ఎందుకంటే అంచు మీద బొమ్మ లేదు, అక్కడ ఇప్పుడు కనిపిస్తున్న పసుపు కాగితానికి వయసు వల్ల వచ్చినది. ఆ రంగు బొమ్మ మొత్తం మీదా పరుచుకుని ఉంటుంది. అది ఒక కొస. రెండో కొస అమ్మగారి జడ. ఫొటోలో అన్నింటికంటే నల్లగా ఉండాల్సింది అదే. మీ ఫొటోలో జడ నీడ భాగం ఎరుపు 82, ఆకుపచ్చ 40, నీలం 38 చదువుతోంది, అంటే నలుపు కావలసింది ముదురు ఎర్రమట్టి రంగయింది. అంచు ఎరుపు 243, ఆకుపచ్చ 232, నీలం 205. కొత్త స్కాన్‌లో అంకెలు మారతాయి గాని పద్ధతి ఇదే. Levels లో ఒక్కో రంగును విడిగా ఎంచుకుని, ఎడమ వైపు త్రిభుజాన్ని జడ అంకెకు కాస్త ఇవతల, కుడి వైపు త్రిభుజాన్ని అంచు అంకె దగ్గర నిలపండి. ఎరుపుకు ఎడమ 74, కుడి 243. ఆకుపచ్చకు 32, 232. నీలానికి 30, 205. జడ అంకె మీదే నిలిపితే జుట్టులో పాయలన్నీ కలిసిపోయి ఒకే నల్లటి ముద్ద అవుతుంది, అందుకే ఏడెనిమిది ఇవతల ఆపాను.

ఇంతటితో జడ నల్లబడింది, జడలోని మల్లెపూలు తెల్లబడ్డాయి. బుగ్గ మీద మధ్య వెలుగుల్లో గులాబీ రంగు ఇంకా మిగిలి ఉంది. Levels లోనే ఎరుపు, నీలం రంగుల మధ్య త్రిభుజం విలువలను ఒకటి నుంచి కొద్దికొద్దిగా తగ్గిస్తూ, h చదువుతూ పోతే 51 దగ్గరికి వస్తుంది. అక్కడ ఆగండి. కొలబద్ద 56 కదా, ఇంకో ఐదు లాగుదాం అనిపిస్తుంది. లాగితే బుగ్గ సరిపోతుంది గాని చెవి పక్క నీడలు ఆకుపచ్చకు తిరుగుతాయి. వెలిసిన ప్రింట్లలో నీడలు ఒక దిక్కుకు, వెలుగులు ఇంకో దిక్కుకు పోయి ఉంటాయి, ఒకే మీట రెండింటినీ సరిచేయలేదు. అంత అవసరం అనుకుంటే Curves లో నీడల దగ్గర ఒక బిందువు పెట్టి అక్కడ మాత్రం ఎరుపు కొద్దిగా పెంచాలి. ముప్పై ఏళ్ళ ఎడంతో తీసిన రెండు ఫొటోల మధ్య ఐదారు డిగ్రీల తేడాను ఎవరి కన్నూ పట్టదు. ఒకే రోజు తీసి ఎదురెదురు పేజీల్లో పెట్టే ఫొటోల మధ్య మాత్రం మూడు నాలుగు డిగ్రీలు దాటనివ్వకండి.

సరిచేశాక పెళ్ళి ఫొటోలో అమ్మగారి L 61, నాన్నగారిది 52, తేడా తొమ్మిది. పాతికేళ్ళ తరవాత కూడా ఆ లెక్క తప్పలేదు చూడండి. వాళ్ళిద్దరూ పక్కపక్కన ఎలా ఉండేవారో అలాగే ఉన్నారు.

ఇప్పుడు అసలు చిక్కు, 2022 స్టూడియో ఫొటో. అమ్మగారి బుగ్గ L 78, C 13, h 45. నాన్నగారి L 66. ఇద్దరినీ తెల్లబరిచారు, అమ్మగారిని ఇంకాస్త ఎక్కువ. చామనఛాయ మనిషి ముఖంలోంచి ఛాయ తీసేసి తెలుపు నింపారు. C సగానికి పడిపోవడం దానికి గుర్తు. వెలుతురు వల్ల తెల్లబడిన ముఖంలో గాఢత ఇంతగా చావదు. ఇక చేయి చూడండి. అక్షింతలు పట్టుకున్న ఆ వేళ్ళు L 58, C 23, h 56. ఏడేళ్ళ కిందట పుష్కరాల్లో చదివిన అంకెలకు దాదాపు దగ్గర! ముఖానికి మాస్కు వేసినవారు చేతులను, చెవి వెనుక భాగాన్ని వదిలేశారు. ఆడవాళ్ళ ముఖం తెల్లగా చేయడాన్ని పని పూర్తి చేయడంగా భావించే అలవాటు మన పెళ్ళి ఫొటోల్లో పాతుకుపోయింది. నేను దాన్ని మెరుగు అనను. కొడుకు పెళ్ళిలో తల్లి ముఖాన్ని మార్చి ఇవ్వడం ఆమెకు మర్యాద కాదు.

అందుకే మొదటి పని గింప్‌లో కాదు, స్టూడియోలో. దిద్దకముందు కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైలు ఇవ్వమని అడగండి. ఆల్బంలో ఉన్న ఫొటో నంబరు, తేదీ చెబితే వెతకడం వాళ్ళకు తేలిక. ఇలాంటి ఫైళ్ళను ఎవరూ ఎల్లకాలం దాచరు కాబట్టి ఈ వారమే అడగండి. అది దొరికితే మీ తలనొప్పిలో పెద్ద భాగం తీరిపోతుంది. బంధువుల్లో ఎవరో అదే నిమిషంలో ఫోనుతో తీసిన ఫొటో ఉన్నా చాలాసార్లు అదే నయం. అయితే వాట్సాప్‌లో తిరిగివచ్చిన ప్రతి వద్దు, తీసిన ఫోనులోంచి నేరుగా తెచ్చుకోండి. వాట్సాప్ ప్రతిలో ఫైలు కుదించుకుపోయి బుగ్గ మీది సన్నటి రంగుతేడాలు పలకలు పలకలుగా చెదిరిపోతాయి, నున్నగా దిద్దిన ముఖానికీ దానికీ తేడా తెలియదు.

అసలు ఫైలు దొరకకపోతే ఉన్నదాన్నే వెనక్కి లాగాలి. ముఖం, చెవుల ముందు భాగం, మెడ మీద మాస్కు గీయండి. కళ్ళు, పళ్ళు, బొట్టు, ముక్కుపుడక, నగలు మాస్కులో పడకూడదు, పడితే కంటి తెలుపు కూడా మట్టి రంగుకు తిరిగి మనిషి జబ్బుపడినట్టు కనిపిస్తుంది. మాస్కు అంచును దవడ దగ్గర కొద్దిగా, జుట్టు మొదలు దగ్గర ఎక్కువగా మెత్తబరచండి. ముందు Curves లో మధ్య వెలుగులను కిందికి వంచండి. గురి చేతి వేళ్ళ అంకె 58 కాదు. ముఖం దీపం వైపు తిరిగి ఉంది, చేయి కింద నీడలో ఉంది, కాబట్టి 64 దగ్గర ఆగాలి. ఆ తరవాత Hue-Chroma లో Chroma మీటను C 22 దగ్గరికి వచ్చేదాకా పెంచి, Hue మీటను h 55 దగ్గరికి వచ్చేదాకా ముందుకు జరపండి. బుగ్గ L 64, C 22, h 55 దగ్గరికి వస్తుంది. వరస తప్పకూడదు. వెలుగు తగ్గించకుండా ముందు గాఢత పెంచితే తెల్లటి ముఖానికి నారింజ రంగు పూసినట్టవుతుంది. ఆ నారింజ పూత కనిపించిందంటే వెలుగు ఇంకా ఎక్కువగా ఉందన్నమాట. ఇదే పని నాన్నగారి ముఖానికీ చేయాలి. అమ్మగారిని 64కు తెచ్చి ఆయనను 66లో వదిలేస్తే ఆయనే తెల్లగా ఉన్నట్టు తిరగబడుతుంది. ఆయనను 56 దగ్గర నిలిపితే తేడా మళ్ళీ ఎనిమిది.

రంగు దారికి వచ్చింది, నునుపు మిగిలింది. ఒక గీత గీసుకుంటే ఆల్బం అంతటా పని ఒకేలా సాగుతుంది. ఆ రోజుకు మాత్రమే వచ్చి పోయేవి, అంటే మొటిమ, దోమకాటు, నుదుటి చెమట మెరుపు, బుగ్గకు అంటిన కుంకుమ పొడి, వీటిని ఏ ఫొటోలోనైనా తీసేయవచ్చు. మనిషితోపాటు ఉండేవి, అంటే పుట్టుమచ్చ, ఆటలమ్మ గుంట, పాత గాటు, నవ్వితే పడే గీత, వీటిని ఏ ఒక్క ఫొటోలోనూ తీయకూడదు. మీ అమ్మగారికి పై పెదవికి ఎడమ పక్కన చిన్న పుట్టుమచ్చ ఉంది. 1989లో ఉంది, 2004లో ఉంది, 2015లో ఉంది, 2022లో లేదు. పేజీలు తిప్పుతున్న మనవడికి తేడా ఏమిటో చెప్పడం రాకపోయినా, ఆ ఫొటోలో నాయనమ్మ కొత్తగా ఉందని తెలుస్తుంది. ఈ మచ్చను వెనక్కి పెట్టడం తప్పేమీ కాదు, అది ఆమెదే. పుష్కరాల ఫొటోలోంచి ఆ చిన్న తునకను తెచ్చి, ముఖం పరిమాణానికి తగ్గట్టు కుదించి, మెత్తటి అంచుతో అదే చోట పెట్టండి. ముఖం ఎటు తిరిగి ఉందో చూసి పెదవి మూల నుంచి దూరం కొలవండి. కళ్ళ కింద, నోటి పక్కన ఉండాల్సిన గీతలను మాత్రం అలా తెచ్చి అతికించకండి. వెలుతురు దిక్కు వేరు కావడంతో అవి గీసినట్టే కనిపిస్తాయి.

చర్మపు నేతను తిరిగి తేలేం గాని, నునుపు కంటికి తగలకుండా చేయవచ్చు. మొదటి ఉపాయం పరిమాణం. ప్రింటులో ముఖం రెండు సెంటీమీటర్లు ఉంటే రంధ్రాలు ఏ ఫొటోలోనూ కనిపించవు, ఏడెనిమిది సెంటీమీటర్లు ఉంటే అన్నీ బయటపడతాయి. కాబట్టి ఆ స్టూడియో ఫొటోను పేజీ నిండా వేయకండి, మండపమంతా కనిపించేలా చిన్నదిగా వేయండి. నిండు పేజీ గౌరవం పుష్కరాల ఫొటోకు ఇవ్వండి. రెండోది సన్నటి రేణువు. Filters కింద Noise లో RGB Noise తెరిచి, Independent RGB గుర్తు తీసేసి, ముఖం మాస్కు మీద అతి కొద్దిగా వేయండి. గుర్తు తీయకపోతే రేణువులు ఎరుపు, ఆకుపచ్చ చుక్కలుగా పడి మీరు కష్టపడి సరిచేసిన రంగును పాడుచేస్తాయి. ఫొటోను ప్రింటు పరిమాణానికి కుదించిన తరవాతే ఈ పని చేయాలి, ముందే వేస్తే కుదించేటప్పుడు రేణువంతా మాయమవుతుంది. ఎంత వేయాలో అదే ఫొటోలో చేతి మీది చర్మం చెబుతుంది. చేతికి ఉన్నంత గరుకు ముఖానికి రావాలి, అంతకు మించి కాదు.

నునుపును ఎప్పుడూ తెర మీద బాగా పెద్దది చేసి పోల్చకండి. పోల్చడానికి ఒక పట్టీ చేసుకోండి. మధ్యస్థమైన బూడిద రంగు వేసిన కొత్త బొమ్మ తెరిచి, ప్రతి ఫొటోలోంచి అమ్మగారి తలను మెడతో సహా కత్తిరించి, గడ్డం నుంచి నుదుటి దాకా అన్నీ ఒకే ఎత్తుకు తెచ్చి, తీసిన ఏళ్ళ వరసలో పక్కపక్కన పెట్టండి. అన్నింటినీ ఒక్క చూపులో చూసేసరికి ఏది వరస తప్పిందో దానంతట అదే బయటపడుతుంది. ఒక ఫొటో దిద్దినప్పుడల్లా పట్టీలో పాతది తీసి కొత్తది పెట్టండి. ముఖాలు వేర్వేరు కాలాలవి కాబట్టి ఒకేలా ఉండవు. ఇరవైల్లో బిగువు, యాభైల్లో కళ్ళ కింద నీడ, ఎండలో తిరిగిన ఏళ్ళలో కాస్త ముదురు ఛాయ, ఇవి ఉండాలి. చూడాల్సింది వయసు ముందుకు ఒకే దిక్కులో నడుస్తోందా అన్నది. మధ్యలో ఏదో ఒక ఫొటోలో పదేళ్ళు వెనక్కి దూకిందంటే ఆ ఫొటోలో నునుపు ఇంకా ఎక్కువగా ఉందన్నమాట.

ఈ పని చేసేటప్పుడు తెర వెలుగు కాస్త తగ్గించండి, రాత్రివేళ తెరను పసుపుగా మార్చే ఏర్పాటు ఉంటే ఆపేయండి. అది వెలిగి ఉండగా దిద్దిన ముఖాలన్నీ ప్రింటులో నీలంగా వస్తాయి. అన్ని ఫైళ్ళనూ ఒకే రంగుల పద్ధతిలో, sRGB లో దాచండి.

చివరిగా ల్యాబు సంగతి. చాలా ల్యాబుల్లో ప్రింటు యంత్రం ప్రతి ఫొటోనూ విడిగా చూసి తనకు తోచినట్టు వెలుగు, రంగు సరిచేస్తుంది. మండపంలో ఎర్రతెరలు ఎక్కువుంటే ఎరుపు తగ్గిస్తుంది, పచ్చటి గట్టు ఉంటే ఆకుపచ్చ తగ్గిస్తుంది. మీరు నాలుగు రోజులు కూర్చుని కలిపిన ముఖాలను అది నాలుగు క్షణాల్లో విడదీస్తుంది. ఆర్డరు ఇచ్చేటప్పుడే ఏ దిద్దుబాటూ లేకుండా ప్రింటు వేయమని స్పష్టంగా చెప్పండి, కాగితం మీద రాసివ్వండి. ఆల్బం మొత్తం ఇచ్చే ముందు ఆ పట్టీని ఒక్కదాన్నే, ఆల్బానికి వాడబోయే కాగితం మీద, అదే ల్యాబులో వేయించుకోండి. కొట్టులోని దీపాల కింద కాక ఇంటికి తెచ్చి పగటిపూట కిటికీ పక్కన చూడండి. ముఖాలన్నీ కలిసి ఒకే రంగు వైపు మొగ్గితే తప్పు తెరది, అన్ని ఫైళ్ళకూ ఒకే సవరణ చేసి మళ్ళీ పట్టీ వేయించండి. ఒకటి మాత్రమే మొగ్గితే ఆ ఫొటోను పంపే ముందు ఇంకోసారి h చదవండి. అంకె సరిగ్గా ఉండి ప్రింటులో తేడా వచ్చిందంటే యంత్రం దిద్దుబాటు ఇంకా ఆగలేదు, ల్యాబుకు వెళ్ళి అదే మాట మళ్ళీ చెప్పాలి.